వరి కోసిందెవరు?

(తెలుగు, ఇంగ్లీషు ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక వ్యాకరణం పెట్టారు. నిర్వాహకులకు నా మీద ఏం కోపమో తెలియదు. ఎవరికైనా కునుకు పడితే మొహమాటపడకండి, నేనేమీ అనుకోను.

మా అబ్బాయి ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఒకరోజు రెండు నోటుబుక్కులు తెచ్చి నా ముందు పెట్టాడు. ఒకటి ఇంగ్లీషుది. అందులో "రావణా వాజ్ కిల్డ్ బై రామా" అన్న వాక్యం ఉంది. కింద 'సబ్జెక్ట్ (కర్త): రావణా' అని రాసుకున్నాడు. రెండోది తెలుగు నోట్సు. "రావణుడు రామునిచేత చంపబడ్డాడు" అన్న వాక్యం కింద 'కర్త: రాముడు' అని ఉంది. రెండింటికీ ఎర్ర పెన్నుతో రైటు పడింది. "నాన్నా, ఒకే మాటకి రెండు జవాబులు ఎలా కరెక్టు?" అన్నాడు.

ఇంగ్లీషు మాస్టారి తప్పు లేదు, ఆ వాక్యంలో సబ్జెక్ట్ రావణుడే. తెలుగు టీచరుగారి తప్పూ లేదు, కర్త రాముడే. తప్పంతా ఆ బ్రాకెట్టులో ఉంది. సబ్జెక్ట్ పక్కన బ్రాకెట్టు పెట్టి 'కర్త' అని రాయడం మనలో చాలామందికి అలవాటు. నేనూ చాలాకాలం అలాగే రాశాను. ఈరోజు నేను చెప్పదలచుకున్నదంతా ఆ బ్రాకెట్టు గురించే.

ఉదాహరణకి మా ఊరి వరికోత తీసుకుంటాను. రాముణ్ణీ రావణుణ్ణీ ఇప్పటికే చాలా ఇబ్బంది పెట్టాం, వాళ్లని వదిలేద్దాం. పొలంలో కూలీలున్నారు, వాళ్ల చేతుల్లో కొడవళ్లున్నాయి, ఎదురుగా వరి ఉంది. పొద్దున నిలబడి ఉన్న వరి సాయంత్రానికి పనలై నేల మీద ఉంది. జరిగింది ఒకటే పని. ఆ పనిలో ముగ్గురికి మూడు పాత్రలున్నాయి. తమంతట తాము వంగి కోసినవాళ్లు కూలీలు. నిలబడ్డ స్థితి నుంచి తెగిపడ్డ స్థితికి మారింది వరి. కూలీల చేతికీ వరికీ మధ్య నిలిచి పని జరిపించింది కొడవలి. భాషాశాస్త్రంలో వీటిని ఏజెంట్, పేషెంట్, ఇన్‌స్ట్రుమెంట్ అంటారు. పేషెంట్ అనగానే ఆసుపత్రి గుర్తొస్తే కంగారు పడకండి, అర్థం దాదాపు అదే. డాక్టరు ఏదో చేస్తాడు, మంచం మీదున్న మనిషికి ఏదో జరుగుతుంది.

ఇప్పుడు ఆ సాయంత్రం ఊళ్లోకి వచ్చి ఎవరెవరు ఏమేమి అంటారో వినండి.

"కూలీలు కొడవళ్లతో వరి కోశారు."
"వరి కోసేశారు."
"వరి కోసి ఉంది."
"మిషను గంటలో ఎకరం కోసింది."
"ఈ కొడవలి తెగడం లేదు."

సబ్జెక్ట్ ఏదో కనిపెట్టడానికి తెలుగులో సులువైన పద్ధతి ఒకటుంది. క్రియ చివర చూడండి. 'కోశారు'లోని 'రు' కూలీల కోసం వచ్చింది. 'కోసి ఉంది'లోని 'ది' వరి కోసం వచ్చింది. క్రియ ఎవరిని చూసి తన తోక మార్చుకుంటుందో అదే సబ్జెక్ట్. వాక్యం దానికి పెద్దపీట వేసిందన్నమాట. పెళ్లిలో పీట మీద ఎవరిని కూర్చోబెట్టినా చుట్టరికాలు మారవు. మేనమామని పీట మీద కూర్చోబెట్టినంత మాత్రాన పెళ్లికొడుకైపోడు. అలాగే "వరి కోసి ఉంది" అన్నప్పుడు పీట మీదికి వరి వచ్చింది గానీ, వరి ఎవరినీ కోయలేదు. అది కోయించుకున్నదే.

ఈ మూడో వాక్యం దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే మన పాఠ్యపుస్తకాలు దీన్ని పట్టించుకోవు. కర్మణి వాక్యం అనగానే 'బడు' చేర్చి చెప్పిస్తాం. "వరి కూలీలచేత కోయబడింది." ఏ ఊళ్లోనైనా ఏ రైతైనా ఇలా అనగా విన్నారా? నేను వినలేదు. నోటీసుల్లో, ప్రభుత్వ ఉత్తర్వుల్లో, తర్జుమాల్లో 'బడు' ఉంటుంది. మాట్లాడే తెలుగుకి ఆ అవసరం పెద్దగా లేదు. చేసినవాళ్లని చెప్పదలచుకోకపోతే "వరి కోసేశారు" అని ఎవరన్నది వదిలేస్తాం, 'రు' ఒక్కటే మిగులుతుంది. అయిన స్థితిని చెప్పాలనుకుంటే "వరి కోసి ఉంది", "తలుపు తీసి ఉంది", "గోడ మీద రాసి ఉంది" అంటాం.

"తలుపు తీసి ఉంది" అన్న మాటలో ఒక వింత ఉంది. 'తీసి', 'వచ్చి', 'తిని' లాంటి క్త్వార్థకాలకి మనం చెప్పే సూత్రం ఏమిటి? ముందు పని చేసినవాడే తర్వాతి పనీ చేయాలి. "సీత వచ్చి కూర్చుంది" అంటే వచ్చిందీ సీతే, కూర్చుందీ సీతే. మరి "తలుపు తీసి ఉంది" అన్నప్పుడు ఉన్నది తలుపు. తీసింది కూడా తలుపేనా? కాదు కదా. ఎవరో తీశారు. ఆ ఎవరో వాక్యంలో ఎక్కడా లేరు, అయినా వింటున్న ప్రతివాడికీ తెలుసు. "తలుపు తెరుచుకుని ఉంది" అంటే మాత్రం ఎవరూ తీయకపోయినా సరే, గాలికి తెరుచుకున్నా సరే. "తీసి ఉంది" అంటే మనిషి చెయ్యి పడిందని అర్థం. తాళం వేసి వెళ్లిన ఇంటికి తిరిగొచ్చి "తలుపు తీసి ఉంది" అన్నామంటే గుండె గుభేల్మన్నట్టే. సబ్జెక్ట్ రెండుచోట్లా తలుపే. రెండుచోట్లా మార్పు జరిగిందీ తలుపుకే. తేడా అంతా కంటికి కనబడని ఆ ఏజెంట్ ఉన్నాడా లేడా అన్నదగ్గరే ఉంది.

ఇదంతా పడమటి నుంచి వచ్చిన కొత్త ఆలోచన అని అనుకోకండి. అక్కడ దీన్ని గట్టిగా ముందుకి తెచ్చినవాడు అమెరికా భాషాశాస్త్రవేత్త చార్లెస్ ఫిల్మోర్, 1968లో. మనకి పాణిని ఉన్నాడు, క్రీస్తుకి పూర్వం నాలుగైదు శతాబ్దాల నాటివాడు. ఆయన అష్టాధ్యాయిలో సబ్జెక్ట్ అన్న మాటకి సమానమైన పదమే లేదు. వెతికినా దొరకదు. ఆయనకి కావలసినవి కారకాలు. పనితో ఎవరికి ఏ సంబంధం ఉందన్నదే ఆయన లెక్క. తన ఇష్టం మీద పని నడిపేవాడు కర్త, "స్వతంత్రః కర్తా". కర్త అన్నిటికన్నా ఎక్కువగా దేన్ని అందుకోవాలనుకుంటాడో అది కర్మ. పని నెరవేరడానికి అన్నిటికన్నా ఎక్కువ తోడ్పడేది కరణం, "సాధకతమం కరణమ్".

ఆ తర్వాత విభక్తుల దగ్గరికి వచ్చి ఆయన ఒకే ఒక్క మాట వేశాడు. "అనభిహితే." ఇంకా చెప్పబడనప్పుడు అని అర్థం. నాకు ఆ గ్రంథంలో బాగా ఇష్టమైన చోటు ఇదే. దీని పనితనం చూడండి. "దేవదత్తః ఓదనం పచతి", దేవదత్తుడు అన్నం వండుతున్నాడు. ఇక్కడ 'పచతి' చివరి 'తి' ఉందే, అది కర్తని చెప్పేసింది. కర్త గురించి మళ్లీ విభక్తితో చెప్పక్కర్లేదు, కాబట్టి దేవదత్తుడికి ఉత్త ప్రథమ చాలు. కర్మని ఇంకా ఎవరూ చెప్పలేదు, అందుకని ఓదనానికి ద్వితీయ. ఇప్పుడు "దేవదత్తేన ఓదనః పచ్యతే". ఈసారి క్రియ చివరి 'తే' చెప్పింది కర్మని. కాబట్టి ఓదనానికి ప్రథమ చాలు. చెప్పకుండా మిగిలింది కర్త, అందుకని దేవదత్తుడికి తృతీయ. ఈ రెండు వాక్యాల్లో కర్త మారాడా? మారలేదు. కర్మ మారిందా? అదీ మారలేదు. క్రియ ఎవరి పేరు పలికిందన్నది ఒక్కటే మారింది.

మనం రోజూ పిల్లలకి చెప్పే 'కర్తరి', 'కర్మణి' అన్న మాటలు కూడా ఇక్కడివే. కర్తరి అంటే కర్త అర్థంలో, కర్మణి అంటే కర్మ అర్థంలో. దేని గురించి ఆ మాట? క్రియ చివరి ప్రత్యయం గురించి. ప్రత్యయం కర్తని చెబితే కర్తరి ప్రయోగం, కర్మని చెబితే కర్మణి ప్రయోగం. జవాబు ఆ పేరులోనే ఉంది. మనమే దాన్ని 'యాక్టివ్ వాయిస్, పాసివ్ వాయిస్' అని తిప్పి చెప్పుకుని, సబ్జెక్ట్‌ని కర్త చేసి, కర్మణి వాక్యంలో రావణుడి చేత కర్త వేషం కట్టించాం.

ఇక కొడవలి దగ్గరికి వద్దాం. మూడు పాత్రల్లో నన్ను ఎక్కువగా తిప్పలు పెట్టింది ఇదే.

"కొడవలి ఎకరం వరి కోసింది" అనండి. ఎవరైనా నవ్వుతారు, కథల్లో మంత్రపు కొడవలి అనుకుంటారు. కానీ "మిషను గంటలో ఎకరం కోసింది" అంటే ఎవరూ నవ్వరు. రెండూ పనిముట్లే కదా, ఒకటి పీట ఎక్కింది, ఒకటి ఎక్కలేకపోయింది. ఎందుకు? కొడవలి ప్రతి కోతకీ మనిషి చెయ్యి కదలాలి. ఆ చెయ్యి ఆగితే కొడవలీ ఆగిపోతుంది. మిషను అలా కాదు, డ్రైవరు స్టార్టు చేసి నడుపుతుంటే కోసే పని అది తన ఇంజనుతో తాను చేసుకుపోతుంది. తనలో తనకి కొంత చలనం, కొంత బలం ఉన్న పనిముట్టుని భాష సగం ఏజెంట్‌గా ఒప్పుకుంటుంది. సగమే సుమా. "మిషను కావాలని గట్టు కోసేసింది" అనలేం. 'కావాలని' అన్న మాట తగిలిస్తే డ్రైవరునే పిలవాలి. ఏజెంట్‌ని పట్టుకోవడానికి ఇది మంచి పరీక్ష. సబ్జెక్ట్‌కి 'కావాలని' అతుకుతుందా లేదా చూడండి.

ఇంకో పరీక్ష ఉంది, అది ఫిల్మోర్ చూపించిందే. ఒకే పాత్రలో ఉన్నవాటినే జత కలపగలం. "కూలీలూ కొడవళ్లూ వరి కోశారు" కుదరదు. ఇద్దరూ కోతలో ఉన్నా పాత్రలు వేరు. "రైతూ కూలీలూ వరి కోశారు" హాయిగా కుదురుతుంది.

అలాగని కొడవలి ఎప్పుడూ పీట ఎక్కదని కాదు. "ఈ కొడవలి తెగడం లేదు, కక్కు పెట్టించాలి" అంటారు మా ఊళ్లో. "ఈ పెన్ను రాయడం లేదు" అని మనందరం అంటాం. ఇక్కడ కొడవలీ పెన్నూ సబ్జెక్టులే. కానీ ఏం చెబుతున్నాం? ఫలానా రోజు జరిగిన కోత గురించి కాదు, ఆ వస్తువు గుణం గురించి. ఎవరు పట్టుకున్నా ఇది తెగదు, ఎవరు పట్టుకున్నా ఇది రాయదు. ఆ 'ఎవరు' లోపల దాక్కునే ఉన్నారు. పెన్ను ఈ వాక్యంలోనూ సాధనమే. "పెన్ను నిన్న రాత్రి ఉత్తరం రాసింది" అని చూడండి, వెంటనే బెడిసికొడుతుంది. పలానా రాత్రి, పలానా ఉత్తరం అనేసరికి రాసిన మనిషి కావాల్సివస్తుంది.

'తెగు' అన్న క్రియ విషయం ఇంకా చిత్రంగా ఉంటుంది. "తాడు తెగింది" అంటే తెగినది తాడు, అంటే పేషెంట్. "ఈ కత్తి బాగా తెగుతుంది" అంటే కత్తి ముక్కలవుతుందని కాదు, కత్తి వేరేదాన్ని కోస్తుందని. అదే క్రియ, అదే ప్రథమా విభక్తి, అదే పీట. ఒకచోట కూర్చున్నది దెబ్బ తిన్నది, ఇంకోచోట కూర్చున్నది దెబ్బ వేసే సాధనం. మనం ఏ ఇబ్బందీ లేకుండా అర్థం చేసుకుంటున్నాం. విభక్తి చూసి కాదు, తాళ్లు ఏం చేస్తాయో, కత్తులు ఏం చేస్తాయో మనకి తెలుసు కాబట్టి.

సాధనానికి ఒక షరతు ఉంది. ఏజెంట్ లేని చోట అది నిలబడలేదు. "కూలీలు కొడవలితో వరి కోశారు" బాగుంది. "వరి కొడవలితో కోసి ఉంది" కూడా బాగానే ఉంది, కోసినవాళ్లు కనబడకపోయినా వెనక ఉన్నారు. "కొడవలితో వరి తెగింది" అనండి, నా చెవికి కుంటుతోంది. 'తెగింది' అన్న క్రియలో ఎవరో చేశారన్న మాటే లేదు. చేసేవాడు లేనప్పుడు 'తో' ఎవరి చేతిలో ఉండాలి? అందుకే "కొడవలి తగిలి తెగింది" అని మాట మార్చుకుంటాం. ప్రకృతి శక్తులకైతే 'తో' అసలు వాడం. "గాలికి చేను పడిపోయింది", "వానకి గోడ కూలింది", "ఎండకి బట్టలు ఆరాయి". గాలీ వానా ఎవరి చేతిలోనూ లేవు, కాబట్టి అవి సాధనాలు కావు, కారణాలు. ఇంట్లో మాట్లాడే తెలుగు ఈ తేడాని 'కి', 'తో'లతో చక్కగా పాటిస్తుంది. ఈ మధ్య పత్రికల్లో "భారీ వర్షాలతో దెబ్బతిన్న పంట" అని చూస్తున్నాను. తప్పు అనను గానీ, మా అమ్మ ఆ మాట అనదు.

కర్తకీ సాధనానికీ మధ్య కూడా మన భాష ఒక గీత గీసుకుంది. పాత వ్యాకరణంలో తృతీయ అంటే చేత, చే, తోడ, తో, అన్నీ ఒకే గంపలో. ఇప్పటి వాడుకలో "రైతు కూలీలచేత కొడవళ్లతో వరి కోయించాడు" అన్నప్పుడు చేసేవాళ్లకి 'చేత', పనిముట్టుకి 'తో' పంచుకున్నాం. మాటల్లో "కూలీలతో కోయించాడు" అని కూడా అంటాం, అందువల్ల ఈ గీత అంత గట్టిది కాదు. గీత చెరిగినా అయోమయం రాదు. కూలీలు మనుషులు, కొడవళ్లు ఇనుము. పైగా 'కోయించు' అన్న క్రియలో ఇద్దరు చేసేవాళ్లకి చోటుంది. చేయించేవాడు రైతు, చేసేవాళ్లు కూలీలు. రైతుకి ప్రయోజక కర్త అని, కూలీలకి ప్రయోజ్య కర్త అని మన వైయాకరణులు పేర్లు పెట్టుకున్నారు. పీట రైతుది, వంగింది మాత్రం కూలీల నడుమే.

ఇప్పటిదాకా విభక్తి మారడం, క్రియ మారడం చూశాం. గుర్తులన్నీ ఒక్కసారిగా తీసేస్తే ఏమవుతుందో తెలుగులోనే చూడొచ్చు. 'కోసిన' అన్న ఒక్క మాట తీసుకోండి. వ్యాకరణంలో ధాతుజ విశేషణం అంటాం. కోసిన కూలీలు. కోసిన వరి. కోసిన కొడవలి. కోసిన రోజు. నాలుగు చోట్లా 'కోసిన'లో ఒక్క అక్షరం మారలేదు. ఇంగ్లీషులో అయితే 'హూ కట్', 'దట్ వాజ్ కట్', 'విత్ విచ్' అని రకరకాల తిప్పలు పడాలి. తెలుగుకి అవేమీ లేవు. మొదటిది ఏజెంట్, రెండోది పేషెంట్, మూడోది సాధనం, నాలుగోది కాలం. ఏది ఏదో చెప్పే గుర్తు ఆ మాటలో ఎక్కడా లేదు, అయినా మనం తడుముకోం. కోత అనే పనిలో ఏయే పాత్రలకి చోటుందో మన బుర్రలో ముందే ఉంది కాబట్టే ఇది నడుస్తోంది. పిల్లలకి పాత్రల సంగతి చెప్పాలంటే నేను దీనితోనే మొదలుపెడతాను. 'కోసిన' అని బోర్డు మీద రాసి, పక్కన ఏమేం పెట్టొచ్చో వాళ్లనే అడగండి. "కోసిన చాక్లెట్" అని ఎవడో ఒకడు అంటాడు, అనుకోండి. అదీ పనికొస్తుంది, అది పేషెంట్.

ఇది ఎక్కడ తప్పుతుందో కూడా చూపిస్తాను. "చంపిన పులి." మనిషిని చంపిన పులా, మనిషి చంపిన పులా? తేలదు. కారణం, కోతలో వరి కూలీని కోయదు, కానీ చంపే పనిలో పులి ఏ పాత్రకైనా తగినదే. లోకజ్ఞానం చేతులెత్తేసిన చోట విభక్తి రంగంలోకి దిగుతుంది. "మనిషిని చంపిన పులి" అని ఒక్క 'ని' పెడితే చాలు, తగవు తీరిపోతుంది. విభక్తి లేకుండా 'వరి కోశారు' అని, 'ని' పెట్టి 'పులిని చంపారు' అని మనం అనడంలోనూ ఈ జాగ్రత్తే ఉంది. ప్రాణమున్న కర్మకి 'ని' దాదాపు తప్పనిసరి, ప్రాణం లేనిదానికి వదిలేయొచ్చు.

ఇక్కడ నేను ఒక దిద్దుబాటు చేసుకోవాలి. ఇందాకటి నుంచి ఏజెంట్ అంటే కర్త అన్నట్టు మాట్లాడుతూ వచ్చాను. మీ బ్రాకెట్టుని తప్పుపట్టి నేను ఇంకో బ్రాకెట్టు పెట్టాను. రెండూ పూర్తిగా ఒకటి కావు. సంస్కృత వ్యాకరణంలో "స్థాలీ పచతి", కుండ వండుతోంది, అన్న వాక్యాన్ని ఒప్పుకుంటారు. అక్కడ కుండే కర్త. ఎందుకంటే మాట్లాడేవాడు కుండనే స్వతంత్రంగా చూపించదలచుకున్నాడు. దాన్ని వివక్ష అంటారు, అంటే చెప్పేవాడి ఉద్దేశం. ఫిల్మోర్ దారిలో వెళ్లేవాళ్లకి కుండ పీట ఎక్కినా దాని పాత్ర మారదు. పాణిని దారిలో, వాక్యం కుండని స్వతంత్రంగా నిలబెట్టింది కాబట్టి అది కర్తే. అంటే కర్తరి నుంచి కర్మణికి మారితే కారకం మారదు గానీ, వివక్ష మారితే కారకం కూడా మారొచ్చు. లోకంలో జరిగిన పనికీ వాక్యంలోని పీటకీ మధ్య కారకం ఒక మెట్టు మీద నిలబడి ఉంటుంది.

ఇది ఊరికే పండితుల వాదం కాదు. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీలో భారతీయ భాషల వాక్యాలకి కారకాల గుర్తులు పెట్టే పని జరిగింది. వాళ్లు k1 అంటే కర్త, k2 అంటే కర్మ, k3 అంటే కరణం అని రాస్తారు. ఆ పద్ధతిలో "తాళంచెవి తాళం తీసింది" లాంటి వాక్యంలో తాళంచెవికి k3 కాదు, k1 పెడతారు. "తాళం తెరుచుకుంది" అంటే తాళానికీ k1 పెడతారు. అందుకని k1 అన్న గుర్తు చూడగానే ఏజెంట్ అనుకుంటే పప్పులో కాలేసినట్టే. వాక్యాన్ని బట్టి నమ్మకంగా పెట్టగలిగిన గుర్తు కావాలనుకుంటే వాళ్ల పద్ధతి బాగుంటుంది. లోకంలో ఎవరు ఎవరిని ఏం చేశారో తేలాలంటే అది ఒక్కటీ చాలదు. నా మట్టుకు నేను క్లాసులో రెండు ప్రశ్నలూ విడివిడిగా అడుగుతాను. క్రియ ఎవరిని చూసి తోక మార్చింది? పని ఎవరిది, ఎవరికి జరిగింది, దేనితో జరిగింది?

నేను చెప్పాలనుకున్నది ఇంతే. మీరేమైనా అడగండి.

(ఒక ఉపాధ్యాయుడు: మరి ఇంగ్లీషు క్లాసులో సబ్జెక్ట్‌కి తెలుగు మాట ఏం చెప్పాలి?)

ఏమీ చెప్పకండి. పిల్లలకి సబ్జెక్ట్ అన్న మాట బాగానే వచ్చు, లెక్కల సబ్జెక్టు, సైన్సు సబ్జెక్టు అంటూనే ఉంటారు. అదే మాట ఉంచండి. కర్తని తెలుగు క్లాసుకి వదిలేయండి. 'డూయర్' అన్న మాట మీరు ఎలాగూ వాడతారు, కావాలంటే బ్రాకెట్టు దాని పక్కన పెట్టండి.

(మరొకరు: పాత్రలు మారవన్నారు. నేను రంగయ్య దగ్గర ఆవుని కొన్నాను, రంగయ్య నాకు ఆవుని అమ్మాడు. జరిగింది ఒకే బేరం. మొదటిదాంట్లో ఏజెంట్ నేను, రెండోదాంట్లో రంగయ్య. మారింది కదండీ?)

మంచి చోట పట్టుకున్నారు. మారింది. ఎందుకంటే మీరు పీట ఒక్కటే మార్చలేదు, క్రియనే మార్చారు. కొనడం అన్న మాట బేరాన్ని కొనేవాడి వైపు నుంచి చూపిస్తుంది, అమ్మడం అమ్మేవాడి వైపు నుంచి. పాత్రలు లోకంలోని సంఘటనకి అతికించినవి కావు, ఒక క్రియ ఆ సంఘటనని చూపించే తీరుకి అతికించినవి. నేను మారవన్నది అదే క్రియని, అదే అర్థంలో ఉంచి, కర్తరి, కర్మణి, 'కోసి ఉంది', 'కోసిన' అని రూపాలు మార్చినప్పుడు. 'కొన్నాను' అన్నదాన్నే తిప్పి "ఆ ఆవు నేను కొన్నది" అనండి, "కొన్న ఆవు" అనండి, కొన్నవాడు మీరే, ఆవు ఆవే. ఆ బేరంలో మీరు మోసపోయినా సరే.

(ఒక ఉపాధ్యాయురాలు: మా అమ్మ కోతలకి వెళ్లేదండీ. ఒకసారి కొడవలి తగిలి వేలు కోసుకుంది. 'కోసుకుంది' అంటే పని చేసిందీ ఆవిడే, దెబ్బ తగిలిందీ ఆవిడకే. మరి ఆవిడ ఏ పాత్ర అవుతుంది?)

రెండూనమ్మా. 'కొను' చేరినప్పుడు చేసినదాని ఫలం చేసినవాళ్ల మీదికే తిరిగొస్తుంది. అయితే ఇందాకటి పరీక్ష పెట్టి చూడండి. "కావాలని వేలు కోసుకుంది" అనం, అన్నామంటే అర్థం వేరే అయిపోతుంది. అందుకని ఆవిడ చేసిన మనిషే గానీ, తలపెట్టిన మనిషి కాదు. "వేలు తెగింది" అంటే ఆ మాత్రం చేయడం కూడా పోయి, వేలు ఒక్కటే మిగులుతుంది. అదే గాయం, అదే వేలు. ఇంతకీ ఇంటికొచ్చి అమ్మగారు ఏమన్నారు? 'కోసుకున్నాను' అన్నారా, 'తెగింది' అన్నారా?

(ఉపాధ్యాయురాలు: 'తెగింది' అనే అందండీ. కోసుకున్నానంటే చూసుకోవద్దా అని నాన్న తిట్టేవాడు.)

(నవ్వులు)